అప్పు, సొంత మూలధనం, కోరదగిన ప్రతిఫలం: పలాస జీడి పరిశ్రమ ఆధారంగా భారిత సగటు మూలధన వ్యయ వివరణ

వ్యాససంగ్రహం

ఒక సంస్థ తన పెట్టుబడిలో కొంత అప్పుగాను, కొంత సొంత సొమ్ముగాను సమకూర్చుకొన్నప్పుడు, ఆ రెండింటి ఖర్చులను వాటి వాటాల ప్రకారం కలిపితే వచ్చే రేటును భారిత సగటు మూలధన వ్యయం అంటారు. అప్పు చౌక కాబట్టి అప్పు వాటా పెరిగితే ఈ సగటు దానంతటదే తగ్గుతుందన్న భావన వ్యాపార వ్యవహారంలో బలంగా ఉంది. శ్రీకాకుళం జిల్లా పలాస ప్రాంతంలోని జీడి పరిశ్రమను ఉదాహరణగా తీసుకొని, ఆ భావన ఎక్కడ తప్పుతుందో, అప్పు-సొంత సొమ్ముల పొందిక ఏ దారుల్లో నిజంగా సగటును మారుస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: మూలధన వ్యయం, భారిత సగటు, ఋణం, సొంత మూలధనం, పలాస, ఉద్దానం, జీడి పరిశ్రమ.

1. ఉపోద్ఘాతం

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల మీదుగా సాగే ఉద్దానం తీరం కొబ్బరి, జీడి, పనస తోటలకు ప్రసిద్ధి. ఆ తోటల జీడిపిక్కలు పలాస-కాశీబుగ్గ పరిశ్రమలకు చేరి, అక్కడ ఎండి, ఉడికి, పెంకు వీడి, పొట్టు తీయించుకొని, పరిమాణాన్నిబట్టి గ్రేడులుగా విడిపోయి జీడిపప్పుగా బయటికి వెళతాయి. స్థానిక పంట చాలని చోట ఆఫ్రికా దేశాలనుంచి దిగుమతి అయిన పిక్కలు ఆ లోటు తీరుస్తాయి.

ఈ వ్యాపారానికి ఒక ప్రత్యేకత ఉంది. స్థానిక పంట వేసవి నెలల్లో ఒక్కసారిగా చేతికి వస్తుంది. దానిని అప్పుడే కొని నిల్వ చేసుకొంటేనే తరువాతి నెలల్లో బాయిలరు వెలుగుతుంది. అందువల్ల జీడి పరిశ్రమలో యంత్రాలకంటే పిక్కల బస్తాల్లోనే ఎక్కువ సొమ్ము ఇరుక్కొని ఉంటుంది. ఆ సొమ్ములో కొంత యజమానిది. కొంత ఆ నిల్వనే హామీగా పెట్టుకొని బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్. అత్యవసరమైతే మరికొంత ప్రైవేటు అప్పు. ఇలా కలగలిసిన సొమ్ముపై వ్యాపారం కనీసం ఎంత సంపాదిస్తే అది నిలిచినట్లు? కొత్త యంత్రం కొనాలా వద్దా అన్న నిర్ణయం ఈ ప్రశ్నకు వచ్చే జవాబు మీదే ఆధారపడుతుంది.

2. వ్యయం, ప్రతిఫలం: ఒకే అంకెకు రెండు పేర్లు

‘మూలధన వ్యయం’ అన్న పదబంధం తెలుగులో కొంత తికమక కలిగిస్తుంది. వ్యయం అనగానే చేతినుంచి పోయిన సొమ్ము గుర్తుకు వస్తుంది. బ్యాంకు వడ్డీ ఆ అర్థంలో వ్యయమే. సొంత సొమ్ముకు యజమాని ఎవరికీ వడ్డీ చెల్లించడు కాబట్టి అది ఖర్చులేని సొమ్ముగా కనిపిస్తుంది. కాని ఇక్కడ వ్యయం అంటే చెల్లింపు కాదు, వదులుకొన్నది. అంతే అనిశ్చితి ఉన్న మరో చోట ఆ సొమ్ము పెడితే ఎంత రావచ్చునో, దానిని వదులుకోవడమే సొంత సొమ్ము వ్యయం. సొమ్ము ఇచ్చినవాడి వైపునుంచి చూస్తే అది ‘కోరదగిన ప్రతిఫలం’. వాడుకొన్న సంస్థ వైపునుంచి చూస్తే అదే ‘మూలధన వ్యయం’. అంకె ఒక్కటే.

పాఠ్యగ్రంథాల్లో దీని సూత్రం ఇలా ఉంటుంది:

```
WACC = (E/V) × Re + (D/V) × Rd × (1 − T)
```

ఇందులో E సొంత మూలధనం విలువ, D అప్పు విలువ, V ఆ రెండింటి మొత్తం. Re యజమానులు కోరదగిన ప్రతిఫలం, Rd అప్పుపై వడ్డీరేటు, T పన్ను రేటు. వాటాలను లెక్కించేటప్పుడు ఖాతా పుస్తకాల్లోని పాత విలువలను గాక నేటి విలువలను తీసుకోవాలి. ముప్పై ఏళ్ల కిందట కొన్న స్థలాన్ని అప్పటి ధరకే లెక్కిస్తే సొంత వాటా ఉన్నదానికంటే చిన్నదిగా కనిపిస్తుంది.

సూత్రాన్ని పైపైన చదివితే ఒక భ్రమ కలుగుతుంది. Re, Rd రెండూ స్థిరమైన అంకెలని, D పెంచుకొంటూ పోతే సగటు తగ్గుతూ పోతుందని అనిపిస్తుంది. లోపం సూత్రంలో లేదు. D మారినప్పుడు Re కూడా మారుతుందన్న సంగతి సూత్రం పైకి చెప్పదు, అంతే.

3. పొందిక మారితే ఏమి మారుతుంది?

పలాసలో కోటి రూపాయల ఆస్తులున్న ఒక జీడి పరిశ్రమను ఊహించుకొందాం. ఈ విభాగంలోని అంకెలన్నీ వివరణ కోసం కల్పించుకొన్నవే. వడ్డీకి ముందు దాని ఆదాయం మంచి ఏట 27 లక్షలు, మామూలు ఏట 15 లక్షలు, చెడ్డ ఏట 3 లక్షలు. మూడింటికీ సమాన అవకాశం ఉందనుకొంటే సగటు 15 లక్షలు. ఇంత ఒడిదుడుకు ఉన్న వ్యాపారానికి నూటికి 15 తగిన ప్రతిఫలమని అనుకొందాం. పన్నును ప్రస్తుతానికి పక్కన పెడదాం.

మొత్తం సొమ్ము యజమానిదే అయితే అతని ప్రతిఫలం మంచి ఏట 27 శాతం, చెడ్డ ఏట 3 శాతం. సగటు 15 శాతం. ఇప్పుడు అతడు 50 లక్షలు బ్యాంకునుంచి 10 శాతం వడ్డీకి తెచ్చి, తన సొమ్ములో సగం వెనక్కి తీసుకొన్నాడనుకొందాం. ఏటా 5 లక్షలు వడ్డీ పోగా మంచి ఏట 22 లక్షలు, మామూలు ఏట 10 లక్షలు మిగులుతాయి. చెడ్డ ఏట 2 లక్షలు నష్టం. అతడు ఉంచిన 50 లక్షలపై ఇది వరుసగా 44 శాతం లాభం, 20 శాతం లాభం, 4 శాతం నష్టం. సగటు 20 శాతం.

సగటు ప్రతిఫలం 15 నుంచి 20కి పెరిగింది. కాని మంచి ఏటికీ చెడ్డ ఏటికీ మధ్య దూరం 24 శాతం నుంచి 48 శాతానికి రెట్టింపైంది. బ్యాంకు తన వంతు ఒడిదుడుకును భరించదు. దాని 5 లక్షలు దానికి ఏ ఏడైనా రావలసిందే. వ్యాపారంలోని అనిశ్చితి అంతా ఇప్పుడు సగం సొమ్ము మీద పడింది. కాబట్టి అదనపు 5 శాతం అప్పు తెచ్చిపెట్టిన ఉచిత లాభం కాదు; అదనంగా మోసిన నష్టభయానికి కూలి. సగటు వేస్తే సగం సొమ్ముకు 10 శాతం, సగం సొమ్ముకు 20 శాతం: మళ్లీ 15 శాతమే.

ఉద్దానం తోటల కౌలుతో దీనిని పోల్చవచ్చు. తోట యజమాని కాపులో వాటాకు ఒప్పుకొంటే కాపు తగ్గినప్పుడు అతని రాబడీ తగ్గుతుంది. నికరమైన కౌలుకు ఇస్తే అతనికి ఆ మొత్తం ముడుతుంది. కాపులోని హెచ్చుతగ్గులన్నీ కౌలుదారు నెత్తిన పడతాయి. ఒప్పందం మారినందువల్ల చెట్టుకు ఒక్క పిక్క కూడా ఎక్కువ కాయదు. నష్టభయం ఒకరినుంచి మరొకరికి మారింది, అంతే.

ఫ్రాంకో మొదిగ్లియానీ, మెర్టన్ మిల్లర్ 1958లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో ప్రకటించిన వ్యాసం ఈ తర్కాన్ని సిద్ధాంతంగా నిలబెట్టింది. పన్నులు, దివాలా ఖర్చులు లేని పరిపూర్ణ మార్కెట్టులో సంస్థ మొత్తం విలువ, దాని సగటు మూలధన వ్యయం అప్పు వాటాపై ఆధారపడవని వారు నిరూపించారు. సొంత సొమ్ము కోరదగిన ప్రతిఫలం మాత్రం అప్పుతోపాటు పెరుగుతుంది:

```
Re = Ra + (D/E) × (Ra − Rd)
```

Ra అంటే వ్యాపార ఆస్తుల అనిశ్చితికి తగిన ప్రతిఫలం. పై ఉదాహరణలో 15 + (50/50) × (15 − 10) = 20. అంటే పొందిక నేరుగా నిర్ణయించేది యజమాని కోరదగిన ప్రతిఫలాన్ని. సంస్థ మొత్తంగా సంపాదించవలసిన ప్రతిఫలాన్ని ప్రధానంగా నిర్ణయించేది ఆ సొమ్ముతో చేసే పని.

4. వడ్డీరేటునే వ్యయమనుకొంటే జరిగే నష్టం

ఈ తేడా పట్టించుకోకపోతే ఏమవుతుందో అదే పరిశ్రమలో చూద్దాం. యజమాని 20 లక్షలతో కొత్త డ్రయ్యరు పెట్టదలచాడు. దానివల్ల ఏటా సగటున 2 లక్షల 60 వేలు, అంటే 13 శాతం వస్తుంది. ఒడిదుడుకు మిగతా వ్యాపారంలాంటిదే. మొత్తం సొమ్ము 10 శాతానికి బ్యాంకు ఇస్తానంది. వడ్డీ 2 లక్షలు పోగా ఏటా 60 వేలు మిగులు. యజమాని 50 లక్షలపై సగటు ప్రతిఫలం 20 శాతం నుంచి 21.2 శాతానికి పెరుగుతుంది. పుస్తకాల్లో ఇది లాభసాటి నిర్ణయమే.

చెడ్డ ఏట చూస్తే కథ మారుతుంది. డ్రయ్యరు రాబడి కూడా అదే దామాషాలో తగ్గితే మొత్తం ఆదాయం 3 లక్షల 52 వేలు, వడ్డీ 7 లక్షలు. నష్టం 2 లక్షల నుంచి దాదాపు 3 లక్షల 48 వేలకు పెరుగుతుంది. ఆ అదనపు భారానికి 1.2 శాతం తగిన కూలి కాదు.

విలువల్లో చూస్తే ఇది మరింత స్పష్టమవుతుంది. 15 శాతం ప్రతిఫలం కోరదగిన పనినుంచి ఏటేటా 2 లక్షల 60 వేలు వస్తుంటే దాని నేటి విలువ 17 లక్షల 33 వేలు. 20 లక్షలు పెట్టి 17 లక్షల 33 వేల విలువైన వస్తువును కొన్నట్లయింది. అప్పు 70 లక్షలు అలాగే ఉంది కాబట్టి 2 లక్షల 67 వేల లోటు పూర్తిగా యజమాని వాటాలోనే పడింది. అతని 50 లక్షలు 47 లక్షల 33 వేలయ్యాయి. వడ్డీరేటును దాటిన ప్రతి పనీ లాభసాటి కాదని, వడ్డీ కట్టగలుగుతూనే యజమాని నష్టపోవచ్చునని ఈ లెక్క చెబుతుంది. బ్యాంకు డ్రయ్యరుకు 10 శాతానికే అప్పు ఇచ్చిందంటే దాని వెనుక హామీగా నిలిచింది డ్రయ్యరు ఒక్కటే కాదు. యజమాని ముందునుంచి పెట్టిన 50 లక్షలు కూడా.

5. పన్ను: పొందిక నిజంగా పనిచేసే మొదటి దారి

పన్ను లేని లోకంలో సగటు కదలదు. ఉన్న లోకంలో కదులుతుంది. కంపెనీ చెల్లించే వడ్డీ పన్ను లెక్కలో ఖర్చుగా తగ్గుతుంది. వాటాదారులకు పంచే డివిడెండు తగ్గదు. మొదిగ్లియానీ, మిల్లర్ తమ 1963 సవరణ వ్యాసంలో ఈ అంశానికి తగిన స్థానం ఇచ్చారు. 2019 సెప్టెంబరులో మన దేశంలో ప్రవేశపెట్టిన ఐచ్ఛిక విధానం ప్రకారం దేశీయ కంపెనీ 22 శాతం పన్ను, దానిపై సర్‌చార్జీ, సెస్సు కలిపి 25.168 శాతం చెల్లిస్తుంది. అలాంటి కంపెనీకి 10 శాతం వడ్డీ నికరంగా 7.48 శాతమే. పై ఉదాహరణలో 5 లక్షల వడ్డీపై ఏటా 1 లక్షా 25 వేల 840 రూపాయల పన్ను ఆదా. ఇది ఒకరినుంచి మరొకరికి మారిన నష్టభయం కాదు. ఖజానాకు వెళ్లవలసినది సంస్థలో నిలిచింది. అందుకే ఇది సగటును నిజంగా తగ్గిస్తుంది. చెడ్డ ఏళ్లలో లాభమే లేకపోతే ఆ ఏటికి ఆదా ఉండదు. నష్టాన్ని ముందుకు తీసుకుపోయి తరువాతి లాభంలో సర్దుకోవాలి.

ఈ వాదాన్ని భాగస్వామ్య సంస్థకు యథాతథంగా వర్తింపజేయడం పొరపాటు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం, ఒప్పందపత్రంలో రాసుకొని ఉంటే, భాగస్వాముల మూలధనంపై 12 శాతం వరకు చెల్లించే వడ్డీ కూడా సంస్థకు ఖర్చే. 50 లక్షల సొంత మూలధనాన్ని తీసేసి 10 శాతం బ్యాంకు అప్పు తెస్తే 6 లక్షల మినహాయింపు పోయి 5 లక్షల మినహాయింపు వస్తుంది. పన్ను, సెస్సు కలిపి 31.2 శాతం చెల్లించే సంస్థకు పన్ను 31 వేల 200 రూపాయలు పెరుగుతుంది. భాగస్వాములు తమకు వచ్చిన వడ్డీపై తమ స్లాబు ప్రకారం పన్ను కట్టాలి కాబట్టి అసలు ఫలితం ఇద్దరి లెక్కలూ కలిపి చూస్తేనే తేలుతుంది. ఏక యజమాని సంస్థలో సొంత సొమ్ముపై వడ్డీని ఖర్చుగా చూపే వీలు లేదు. కంపెనీల కోసం రాసిన సూత్రంలోని `(1 − T)` ఏ రూపంలో ఉన్న సంస్థకు ఎంతవరకు సరిపోతుందో ముందుగా చూడాలి.

6. ఇబ్బంది ఖర్చు: రెండో దారి

పన్ను ఆదా ఒక్కటే ఉంటే నూరు శాతం అప్పే ఉత్తమం కావాలి. అలా కాకపోవడానికి కారణం అప్పు ఎక్కువైనప్పుడు పుట్టే కొత్త ఖర్చులు. జీడి వ్యాపారంలో అవి నిల్వల దగ్గర కనిపిస్తాయి.

ఒక పరిశ్రమ దగ్గర 60 లక్షల పిక్కల నిల్వ ఉందనుకొందాం. బ్యాంకు 25 శాతం మార్జిన్ పట్టి 45 లక్షలు వాడుకోనిస్తుంది. యజమాని వంతు 15 లక్షలు. పప్పు ధర పడిపోయి నిల్వ విలువ 20 శాతం తగ్గితే అది 48 లక్షలవుతుంది. అప్పు 45 లక్షలు అలాగే ఉంటుంది. యజమాని వంతు 3 లక్షలకు కుదించుకుపోయింది. నిల్వ విలువలో ఐదోవంతు పోతే అతని సొమ్ములో ఐదింట నాలుగు వంతులు పోయాయి. అంతటితో ఆగదు. కొత్త విలువపై బ్యాంకు అనుమతించేది 36 లక్షలే కాబట్టి అతడు 9 లక్షలు వెంటనే సర్దాలి.

ఆ 9 లక్షలకు రెండు దారులుంటాయి. ఒకటి, పడిపోయిన ధరకే పప్పు అమ్మడం. అప్పుడు ధర కోలుకొనేదాకా ఆగే అవకాశం పోతుంది. రెండోది, ప్రైవేటు అప్పు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ఈ నష్టాలు ధర పడినందువల్ల మాత్రమే వచ్చినవి కావు. ధర పడినప్పుడు అప్పు ఎక్కువగా ఉన్నందువల్ల వచ్చినవి. అప్పులేని పరిశ్రమ అదే ధరల పతనంలో నిల్వను పట్టుకొని ఆగగలదు. పన్ను ఆదా సగటును కిందికి లాగితే, ఈ ఇబ్బంది ఖర్చు దానిని పైకి నెడుతుంది. రెండూ సమమయ్యే చోట ఆ వ్యాపారానికి తగిన అప్పు వాటా ఉంటుంది. ధరల ఊగిసలాట ఎక్కువగా ఉన్న వ్యాపారంలో ఆ చోటు తొందరగా వస్తుంది.

7. పలాసలో Re తెలుసుకోవడమెలా?

సూత్రంలో అన్నిటికంటే కష్టమైన అంకె సొంత సొమ్ము కోరదగిన ప్రతిఫలమే. స్టాక్ మార్కెట్టులో నమోదైన కంపెనీలకు వాటా ధరల కదలికనుంచి దానిని అంచనా వేస్తారు. ఆ పద్ధతికి మూలమైన ఊహ ఒకటుంది: మదుపరి తన సొమ్మును అనేక చోట్ల పంచిపెట్టాడు, కాబట్టి ఒక్క సంస్థకు మాత్రమే చెందిన ఆపద అతనిని బాధించదు. పలాస యజమాని విషయంలో ఈ ఊహ తరచుగా నిలవదు. పరిశ్రమ, తోట, ఇల్లు అన్నీ ఒకే తీరంలో ఉండవచ్చు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను కూల్చివేసింది. పడిన చెట్టు స్థానంలో మొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది. అలాంటి ఆపద అతని ఆస్తులన్నింటినీ ఒకేసారి తాకుతుంది. కాబట్టి అతడు కోరదగిన ప్రతిఫలం పెద్ద నగరపు మదుపరి కోరేదానికంటే ఎక్కువే ఉండాలి.

కచ్చితమైన అంకె దొరకకపోయినా కనీస హద్దు ఒకటి దొరుకుతుంది. నష్టం వచ్చినప్పుడు యజమాని అందరికంటే చివరివాడు. బ్యాంకుకు, ప్రైవేటు అప్పిచ్చినవారికి ఇచ్చాకే అతనికి మిగిలేది. తనకంటే ముందు వరుసలో ఉన్నవారు ఏడాది పొడవునా 24 శాతం తీసుకొంటుంటే, తన సొమ్ముకు 15 శాతం చాలునని లెక్క వేసుకోవడం అసంగతం. Re కింద వేసుకొన్న అంకె సంస్థ నిలకడగా కడుతున్న అత్యధిక వడ్డీకంటే తక్కువగా ఉంటే ఆ లెక్క తప్పినట్లే.

ఒక వ్యాపారం సగటును మరో వ్యాపారానికి వాడకూడదన్నది రెండో హెచ్చరిక. అదే యజమాని టెక్కలి ప్రాంతంలో గ్రానైటు క్వారీలో పెట్టుబడి పెట్టదలిస్తే, జీడికి సరిపోయిన రేటు అక్కడ చెల్లదు. క్వారీ అనిశ్చితి పగుళ్లులేని బండ ఎంత దొరుకుతుందన్నదాంట్లో, ఎగుమతి గిరాకీలో ఉంటుంది. సంతబొమ్మాళి మండలం మూలపేట వద్ద 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగిన ఓడరేవు వంటి నిర్మాణానిది మరో తీరు. పని పూర్తయి ఓడలు వచ్చేదాకా రాబడి మొదలుకాదు. సొమ్ము ఒకే జేబునుంచి వచ్చినా, ఏ పనికి ఆ పని అనిశ్చితినిబట్టే రేటు కట్టాలి.

8. ముగింపు

భారిత సగటు సూత్రం చూడటానికి సొమ్ము ఎక్కడినుంచి వచ్చిందన్నదాని లెక్కలా ఉంటుంది. లోతుగా చూస్తే అది సొమ్ము దేనిలో పెట్టారన్నదాని లెక్క. అప్పు వాటా పెరిగితే యజమాని కోరదగిన ప్రతిఫలం పెరిగి, చౌక అప్పువల్ల కలిగిన లాభాన్ని హరిస్తుంది. సగటు నిజంగా కదిలేది పన్ను ఆదా వల్ల, ఇబ్బంది ఖర్చు వల్ల. ఈ రెండూ సంస్థ చట్టరూపంపైనా, దాని సరుకు ధరల స్వభావంపైనా ఆధారపడతాయి. అందువల్ల డ్రయ్యరు కొనబోయే పలాస వ్యాపారి బ్యాంకు వడ్డీ ఎంత అన్న ప్రశ్నతోపాటు, చెడ్డ ఏట ఆ వడ్డీ ఎవరి సొమ్మునుంచి కట్టాలన్న ప్రశ్నకూ లెక్కలో చోటివ్వాలి.